గుడి ఆఫీసుకు రాసే ఫిర్యాదు గురించి మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

అమ్మాయ్, నువ్వు పంపిన ఫిర్యాదు చదివాను. కొండగుడిలో తాగే నీళ్ళూ మరుగుదొడ్లూ అలా ఉంటే కోపం రావడం న్యాయమే. చంటిబిడ్డలతో వచ్చిన ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలి? అయితే ఈ కాగితం ఈవోగారి బల్ల మీదకు చేరితే ఏమవుతుందో చెబుతాను. తపాల్లో వచ్చిన కాగితాలు చూస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది.

"నీళ్ళు తాగేలా లేవు, మరుగుదొడ్లు దారుణం, హుండీ డబ్బులు ఏమవుతున్నాయి?" అని మొదలుపెట్టావు. హుండీ మాట వచ్చిందంటే ఆయన నీళ్ళ సంగతి వదిలేసి లెక్కల సంగతికి జవాబు రాయిస్తాడు. ఆ వాక్యం కొట్టెయ్. ఊడ్చేవాళ్ళ మీద రాసిన నాలుగు లైన్లూ తీసెయ్. కుళాయిలో నీళ్ళు రాకపోతే ఆ పిల్ల మాత్రం ఏం పెట్టి కడుగుతుంది?

కంటికి కనబడింది రాయి, తేదీతో, చోటుతో. ఇలా:

"గౌరవనీయులైన కార్యనిర్వహణాధికారి గారికి నమస్కారములు. గత శనివారం ఉదయం పది గంటలకు అన్నదానం హాలు పక్కనున్న తాగునీటి కుళాయిల్లో పసుపురంగు నీళ్ళు వచ్చాయి. గ్లాసులో పట్టి ఉంచితే అడుగున మడ్డి దిగింది. పైన సిమెంటు తొట్టికి మూత లేదు. ఆడవారి మరుగుదొడ్లలో రెండింటికి తలుపు గడియ లేదు, ఒకదానిలో నీళ్ళు రావడం లేదు, వెనక సెప్టిక్ ట్యాంకు మూత పగిలి మురుగు బయటికి వస్తోంది. ఫోటోలు జతపరిచాము."

"నీళ్ళలో క్రిములున్నాయి" అని మాత్రం రాయొద్దు. క్రిములు కంటికి కనబడవు, రుజువేదని ఒక్క మాటతో తోసేస్తారు. దాని బదులు నీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ ఫలితం కుళాయిల దగ్గర అతికించమని అడుగు. ఆ సెప్టిక్ ట్యాంకుకూ బోరుకూ ఎంత దూరముందో అడుగులేసి చూసి రాయి. కనీసం యాభై అడుగులైనా ఉండాలంటారు. అంతకంటే దగ్గరుంటే మురుగు భూమిలోంచి బోరులోకి ఊరే ప్రమాదముంది, అప్పుడు నీళ్ళు తేటగా కనబడినా నమ్మడానికి లేదు. నీ రెండు ఫిర్యాదులూ ఒకటయ్యేది అక్కడే.

ఇంకోటి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుందని తెలిసిందే కదా. తొట్టి కడిగినా, నీళ్ళు కాచినా అది పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. అందుకని పరీక్షలో క్రిములతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమని ఒక ముక్క చేర్చు.

తర్వాత అడిగేవి. ఆయన చేతిలో ఉన్నవి ముందు, మంజూరు కావలసినవి వెనక. తొట్టి కడిగించి బ్లీచింగ్ వేయించడం, మూత పెట్టించడం, కడిగిన తేదీ తొట్టి మీద రాయించడం, గడియలు బిగించడం, సబ్బు పెట్టడం: ఇవన్నీ వారంలో అయ్యే పనులు, అలాగే రాయి. కొత్త పైపులైను, సెప్టిక్ ట్యాంకు మరమ్మతు అంచనాలు వేసి పైకి పంపాలి. వాటికి నెల గడువిచ్చి, అంచనా పంపినట్టు మాకు తెలియజేయండి అని అడుగు. అన్నీ కలిపి "వెంటనే బాగుచేయాలి" అంటే, డబ్బు లేదన్న ఒక్క కారణంతో గడియ కూడా ఆగిపోతుంది.

చివర "స్వామివారి దర్శనానికి వచ్చే భక్తుల ఆరోగ్యం దృష్ట్యా తమరు శ్రద్ధ వహించగలరని ప్రార్థన" అంటే చాలు. పాపం తగులుతుందనీ, పేపర్లో వేయిస్తామనీ బెదిరించొద్దు. నీతో పాటు తరచూ గుడికి వచ్చే పది మంది సంతకాలు, ఊరి పేర్లతో పెట్టించు. ధర్మకర్తల మండలి అధ్యక్షుడికీ, దేవాదాయ శాఖ జిల్లా కార్యాలయానికీ నకళ్ళు పంపుతున్నట్టు కిందనే రాయి. ఆ లైను చూశాక కాగితం పక్కన పెట్టడం కష్టం.

ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకుపో. ఒకదాని మీద గుడి ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. గుమాస్తా తర్వాత రమ్మంటే అక్కడ వాదించకు, పోస్టాఫీసుకు పోయి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపు.

నెల దాటినా కదలిక లేకపోతే, ఆ ముద్ర పడ్డ కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పో. అప్పుడే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టు: గత ఏడాదిలో తాగునీటి తొట్టి ఏ ఏ తేదీల్లో కడిగారు, నీటి పరీక్ష నివేదికల నకళ్ళు ఇవ్వండి, అంతే. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కడగనే లేదనుకో, ఆ మాట వాళ్ళే కాగితం మీద పెట్టాల్సి వస్తుంది.

శనివారం వెళ్ళినప్పుడు బోరు దూరం కొలిచి, ఫోటోలు మళ్ళీ తియ్. సాపు రాసి నాకొకసారి పంపు, సంతకాలకు తిప్పేముందు చూస్తాను.

మీ మామయ్య