ఆఫీసులో అందరి పంచాయితీలూ నీ నెత్తినేనా తమ్ముడూ?

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివా. "అన్నా, టీమ్‌లో ఎవరికి ఎవరితో పడకపోయినా నా దగ్గరకే వస్తారు, ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండట్లేదు" అన్నావు. అమెరికా వచ్చి ఎనిమిది నెలలే అంటున్నావు, నాకైతే ఆ స్థితికి రావడానికి ఏడాదిన్నర పట్టింది, మీ బ్యాచ్ వాళ్ళు అన్నిట్లో ఫాస్టే. సరే, నా కథ చెప్తా, కొంచెం పెద్దదే, కాఫీ తెచ్చుకుని చదువు.

2011లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాను, ఆన్‌సైట్ కోఆర్డినేటర్ అని పేరు. పగలంతా క్లయింట్ మేనేజర్ పక్కన, రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో కాల్, ఎందుకంటే సమ్మర్‌లో అప్పుడు వాళ్ళకి పొద్దున్న ఎనిమిది. క్లయింట్ మేనేజర్ కోపం వస్తే మొహం మీదే అనేసే రకం. "ఈ క్వాలిటీ నేను ఒప్పుకోను, ఇంకోసారి ఇలాగైతే టీమ్‌ని మార్చేస్తా" అన్నాడనుకో, నేను రాత్రి కాల్‌లో "క్లయింట్ కొంచెం కంగారు పడుతున్నాడు బ్రదర్, వీలైతే ఒకసారి చూడండి" అని చెప్పేవాణ్ణి. అటు హైదరాబాద్ లీడ్ "ఇద్దరు రిజైన్ చేశారు గురూ, ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళు, ఆ డేట్‌కి చచ్చినా అవదు" అంటే, పొద్దున్నే ఇక్కడికొచ్చి "టీమ్ గట్టిగా పనిచేస్తోంది, చిన్న రిస్క్ ఉంది అంతే" అనేవాణ్ణి. అబద్ధం చెప్తున్నానని ఒక్కరోజు కూడా అనిపించలేదు, గొడవలు పెరక్కుండా చూస్తున్నా అనుకున్నా. ఇద్దరికీ నేనంటే ఇష్టం, ఇంక నాకేం కావాలి.

ఆ రిలీజ్ శుక్రవారం రాత్రి పెట్టారు. బిల్లింగ్ బ్యాచ్ రెండింటికి పడిపోయింది, శనివారం, ఆదివారం నిద్ర లేదు, సోమవారం పొద్దున్న అందరం ఒకే కాల్‌లో కూర్చున్నాం. అప్పుడు క్లయింట్ మేనేజర్ అడిగాడు, ఇద్దరు వెళ్ళిపోయారని నాకెందుకు చెప్పలేదు అని. హైదరాబాద్ లీడ్ అన్నాడు, ఇంత సీరియస్ అని మాకెవరూ చెప్పలేదే అని. ఇద్దరూ నిజమే చెప్పారు తమ్ముడూ, అదే ఎక్కువ మండింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు కదా, నేను మూడు నెలలు కప్పకి ఒక మాట, పాముకి ఒక మాట చెప్పా.

అది పని గొడవ. దాని పక్కనే ఇంకో షాపు నడిపా. ఒక టెస్టరూ ఒక డెవలపరూ ఎదురెదురు క్యూబికల్స్‌లో కూర్చుని నాలుగు వారాలు మాట్లాడుకోలేదు, బగ్ గురించి కూడా నాతోనే చెప్పి పంపేవాళ్ళు. ఒకాయనకి హెచ్1 ఎక్స్‌టెన్షన్ టెన్షన్, ఇంకొకాయనకి ఇంట్లో భార్యతో మాటల్లేవు, అందరూ "ఒక్క నిమిషం" అంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. ఒక వారం క్యాలెండర్ తీసి లెక్క పెట్టా, పదకొండు "క్విక్ కాల్స్", వాటిలో నా సొంత పనికి పనికొచ్చినవి మూడు.

నీకూ ఇలాగే ఉందో లేదో తెలుసుకోవాలంటే రెండు విషయాలు చూసుకో. మా అమ్మ ఫోన్ చేస్తే నేను "ఊఁ", "ఆఁ", "తిన్నా" తప్ప ఏమీ అనలేకపోయేవాణ్ణి, పగలంతా ఊళ్ళోవాళ్ళ గోడు వింటే నా గోడు చెప్పడానికి మాట మిగిలేది కాదు. రెండోది చెప్పడానికి సిగ్గే. ఆ టెస్టరూ డెవలపరూ ఒకరోజు నన్ను పిలవకుండానే కలిసి లంచ్‌కి వెళ్ళి రాజీ అయిపోయారు, నాకు సంతోషం వేయాలి కదా, వేయలేదు, చిన్నబుచ్చుకున్నా. అప్పుడర్థమైంది జబ్బు ఎక్కడుందో.

ఒంటరితనం తమ్ముడూ. నువ్వు అడిగింది ఆఫీసు గురించే, కానీ నేను మళ్ళీ మళ్ళీ ఇక్కడికే వస్తా, నాకదే కనపడుతుంది. అప్పట్లో నా అపార్ట్‌మెంట్‌లో నేల మీద ఒక పరుపు, ఒక రైస్ కుక్కర్, ఒక సూట్‌కేసు. శుక్రవారం సాయంత్రం తలుపేసుకుంటే సోమవారం దాకా ఇండియన్ స్టోర్‌లో బిల్లు కొట్టే ఆంటీ "బ్యాగ్ కావాలా" అనడం తప్ప మనిషి గొంతు ఉండేది కాదు. అలాంటప్పుడు రాత్రి పదకొండింటికి ఎవడో తన గోడు చెప్పడానికి ఫోన్ చేసినా బాగుండేది, కనీసం ఫోన్ మోగింది కదా. నాతో కాసేపు కూర్చోడానికి మనుషులు కావాలి, అందుకు వాళ్ళ గొడవలు మోస్తున్నా. ఆ సంగతి ఒప్పుకోడానికి ఇంకో ఏడాది పట్టిందిలే.

మా నాన్న ఊళ్ళో పెద్దమనిషి, రచ్చబండ మీద పొలం గట్ల తగాదాలు తీర్చేవాడు. రెండో మనిషి రాకుండా మొదటి మనిషి గోడు వినేవాడు కాదు. రాత్రి ఎవరన్నా ఇంటికొచ్చి తలుపు కొడితే, "వాణ్ణి కూడా తీసుకుని పొద్దున్న రండి" అని లోపల్నించే అనేసి అన్నం తినేవాడు. చిన్నప్పుడు కఠినం అనుకున్నా, ఆయనకి రోజూ నిద్ర ఎలా పట్టేదో ఇర్వింగ్‌లో తెలిసింది.

నేనూ అదే మొదలుపెట్టా. ఎవరన్నా వచ్చి ఇంకొకళ్ళ గురించి చెప్పబోతే "ఈ మాట ఆయనతో అన్నావా?" అని అడిగేవాణ్ణి. లేదంటే, "ముందు అను, కష్టమైతే నేను పక్కన కూర్చుంటా, నీ తరఫున మాత్రం చెప్పను". సగం మంది అక్కడే లేచిపోయారు. కొందరు నాకు పొగరొచ్చింది అన్నారు, ఒకాయన రెండు నెలలు పలకరించలేదు, అది నొప్పిగానే ఉంటుంది, రెడీగా ఉండు. క్లయింట్ మాట హైదరాబాద్‌కి చెప్పాల్సొస్తే ఆయన అన్నది అన్నట్టే మెయిల్‌లో పెట్టి లీడ్‌ని, మేనేజర్‌ని ఇద్దర్నీ కలిపేసేవాణ్ణి. తర్వాత వారానికొక కాల్ వాళ్ళిద్దరికీ నేరుగా పెట్టించి నేను మ్యూట్‌లో కూర్చున్నా. మొదటిసారి అర నిమిషం ఎవరూ నోరు విప్పలేదు, నా వేలు అన్‌మ్యూట్ బటన్ మీదే ఉంది, చెమటలు పట్టాయి. చివరికి లీడ్ గొంతు సవరించుకుని "మాకు ఇద్దరు తక్కువున్నారు సార్" అన్నాడు. మేనేజర్ అరవలేదు, తర్వాతి రిలీజ్ డేట్ రెండు వారాలు జరిపాడు. నేను మూడు నెలలు దాచిన మాట వాళ్ళకి రెండు నిమిషాలు పట్టింది.

వీసా, లేఆఫ్, 60 రోజుల గ్రేస్ పీరియడ్, వేధింపుల లాంటివి ఎవరన్నా తెస్తే సలహా ఇవ్వకు, లాయర్ దగ్గరకో హెచ్ఆర్‌కో పంపు, వీసా రూల్స్ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉంటాయి. నీ సొంత బరువు దించుకోడానికి హెచ్ఆర్ దగ్గర కూర్చోకు, వాళ్ళు కంపెనీ మనుషులు. చాలా కంపెనీల్లో ఈఏపీ అని ఉంటుంది, కౌన్సెలర్‌తో కొన్ని సెషన్లు ఫ్రీ, బెనిఫిట్స్ పోర్టల్‌లో నంబర్ వెతుక్కో. మనకేమన్నా పిచ్చా అనుకుని నేను రెండేళ్ళు ఆ నంబర్ పక్కన పెట్టా, నువ్వు పెట్టకు.

ఇంకొకటి, దీనికి జవాబు రాయి. నీ మెసేజ్‌లో తొమ్మిది మంది గురించి రాశావు, వాళ్ళ గోడు అంతా ఉంది. నీకు ఏదన్నా అయితే నువ్వు ఫోన్ చేసే మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. ముందు ఆ పేరు రాయి, లేకపోతే లేదని రాయి, శనివారం మా ఇంటికి భోజనానికి రా, ఆఫీసు సంగతి తర్వాత చూద్దాం.