ఫోన్‌లోని సర్వర్ పేజీ లాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదా?

> "భీమవరంలో ఇంటి వైఫై. ఫోన్‌లో ఫైల్ సర్వర్ యాప్ ఆన్ చేసి, గూగుల్లో మై ఐపీ అని వెతికితే వచ్చిన నంబరు లాప్‌టాప్‌లో కొట్టాను. ఏమీ రావట్లేదు."

గూగుల్ చూపించింది ఇంటర్నెట్ వైపు కనిపించే నంబరండి, మీ ఇంట్లో ఫోన్‌కి రౌటర్ ఇచ్చినది వేరే ఉంటుంది.

1. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, లాప్‌టాప్ ఉన్న వైఫైకే కలపండి.

2. సెట్టింగ్స్‌లో వైఫై, అందులో కనెక్ట్ అయిన పేరు మీద నొక్కి కిందకి వెళ్తే ఐపీ అడ్రస్ ఉంటుంది. ఉదాహరణకి `192.168.1.7` అనుకుందాం. అక్కడే గేట్‌వే అని `192.168.1.1` లాంటిది ఉంటే అది రౌటర్‌ది, దాన్ని కొడితే రౌటర్ లాగిన్ పేజీ వస్తుంది, మీ ఫైల్స్ కాదు.

3. చాలామంది వదిలేసేది పోర్ట్, అంటే ఐపీ తర్వాత కోలన్ పెట్టి కొట్టే నంబరు. ఐపీ ఒక్కటే కొడితే బ్రౌజర్ 80వ పోర్ట్‌లో వెతుకుతుంది, కానీ రూట్ చెయ్యని ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌కి 1024 కంటే తక్కువ పోర్ట్ దొరకదు, అందుకే 8080 లాంటిది వాడుతుంది. యాప్ స్క్రీన్ మీద ఎంత ఉందో చూసి ముందు `http` తో సహా కొట్టండి, `https` వద్దు:

```
http://192.168.1.7:8080
```

ఇంకా రాకపోతే ఎర్రర్ చదవండి. `refused to connect` అంటే సాధారణంగా ఫోన్ దాకా వెళ్లింది, పోర్ట్ తప్పు, లేదా స్క్రీన్ ఆరినప్పుడు యాప్ ఆగిపోయింది. `took too long to respond` అయితే ఫోన్ దాకానే చేరట్లేదు, రెండిట్లో ఒకటి గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి, గెస్ట్‌లో పరికరాలు ఒకదానికొకటి కనపడకుండా రౌటర్లు సాధారణంగా అడ్డుపెడతాయి.

రేపు మళ్లీ తెరుచుకోకపోతే ముందు రెండో స్టెప్ చూడండి, కరెంటు పోయి రౌటర్ మళ్లీ ఆన్ అయ్యాక ఐపీ మారుతుంటుంది.