పప్పు ఉడకని దాల్మా మీద సమీక్ష

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నీవు పంపిన సమీక్ష అందింది. నీ గదిలో ఉండే మిత్రుడు పప్పు, కూరగాయలు కలిపి ఒడియా పద్ధతిలో వండిన దాల్మా మీద, కోపిష్ఠి భోజన విమర్శకుడి గొంతుతో రాయాలన్న ఊహ బాగుంది. అయితే "ఇది తిన్నవాడు నేరుగా ఆసుపత్రికే" అన్న నీ మొదటి వాక్యాన్ని మాడిన ఉప్మాకైనా, పులిసిన పెరుగుకైనా అంటించవచ్చు కనుక అది దాల్మాను గురించి ఏమీ చెప్పలేదు.

ముందు తప్పెక్కడ జరిగిందో కనిపెట్టు. దాల్మాలో సాధారణంగా చింతపండు పడదు. నీ మిత్రుడు మన పప్పుచారు అలవాటు కొద్దీ పప్పు ఉడకకముందే పులుసు పోశానని చెప్పినట్లు నీవే రాశావు. పులుపు ముందుగా పడితే కందిపప్పు మెత్తబడడానికి మొరాయిస్తుంది. అది ఉడకలేదని అతడు మంట పెంచి ఉంటాడు, అందుకే అడుగంటింది. ఇంత కథ చేతిలో ఉండగా ఆసుపత్రి దాకా పోవడం ఎందుకు?

విమర్శకుడు నవ్వకూడదు, తిట్టకూడదు. తీర్పు చెప్పే న్యాయాధికారిలా మాట్లాడాలి. మొదటి వాక్యం పూర్తిగా నిజమై ఉండి, అతిశయం రెండో వాక్యంలో ప్రవేశించాలి. నేనైతే ఇలా రాస్తాను: "దాల్మాలో పచ్చి అరటికాయ, గుమ్మడికాయ, కందిపప్పు ఉన్నవి. రెండు గంటల మంటకు కూరగాయలు లొంగిపోయినను, పప్పు మాత్రం ప్రతి గింజకూ ఆత్మగౌరవమును నిలుపుకొన్నది. నమలునప్పుడు వెలువడిన శబ్దమునకు పక్క వాటాలోని వారు తలుపు తీసి చూచిరి. అడుగున ఏర్పడిన నల్లని పొరను పరిశీలనార్థము గిన్నెతో సహా భద్రపరచుట మంచిది. మంచినీళ్లు మాత్రము చల్లగా, నిర్దోషముగా ఉన్నవి." ఆ గ్రాంథికపు బిగువు కావాలనే పెట్టాను, ఎందుకంటే మాట ఎంత గంభీరమైతే పప్పు అంత చిన్నబోతుంది. మంచినీళ్లను మెచ్చుకొన్న వాక్యాన్ని తీసేయకు; మెచ్చడానికి మరేమీ దొరకలేదని విమర్శకుడు చెప్పకనే చెప్పేది అక్కడే.

నీ సమీక్ష చివర "వీళ్ల అమ్మ ఏమి నేర్పిందో" అని రాశావు, దాన్ని కొట్టివేయి. నేనూ ఒకప్పుడు ఒక స్నేహితుడి పులిహోరను వెక్కిరిస్తూ ఇలాగే ఇంటివాళ్లను లాగాను. అది చనిపోయిన వాళ్ల అమ్మ పద్ధతిలో చేయబోయి చెడిన వంట అని తరువాత తెలిసింది. అతడు ఏమీ అనలేదు గాని, మళ్ళీ నన్ను భోజనానికి పిలవలేదు. దెబ్బ గిన్నె మీద, గరిటె మీద, మహా అయితే వంటవాడి ఆత్మవిశ్వాసం మీద పడవచ్చు. అందుకే తిరగరాసినదాన్ని నలుగురికీ చదివే ముందు అతనికి ఒక్కడికే వినిపించు. అతడు నవ్వి, "అడుగంటిన సంగతి ఇంకా తక్కువే రాశావు" అంటే అందరికీ చదవవచ్చు.

వచ్చే ఆదివారం అతడు మళ్ళీ వండుతాడని రాశావు గదా, చింతపండు ఎప్పుడు పోస్తాడో పొయ్యి పక్కనే నిలబడి చూసి రాయి.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి