400 లీడ్స్‌లో ఎవరికి విడిగా మెయిల్ రాయాలి, ఎవరికి టెంప్లేట్ చాలు?

ప్రశ్న: మాది మాదాపూర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, సేల్స్‌లో ఇద్దరమే. షీట్‌లో దాదాపు 400 లీడ్స్ ఉన్నాయి. అందరికీ విడివిడిగా రాసే టైమ్ లేదు. ఒకే టెంప్లేట్ పంపితే రిప్లైలు రావట్లేదు. లీడ్స్‌కి స్కోర్లు ఇచ్చి విడగొట్టమంటున్నారు మా సార్. ఏ లెక్కన ఇవ్వాలి?

జవాబు:

స్కోరు సంగతి తర్వాత. మీ ఇద్దరూ కలిసి వారానికి ఎన్ని మెయిల్స్ సరిగ్గా రాయగలరో ముందు తేల్చండి. వెతకడం, రాయడం కలిపి ఒక్కో మెయిల్‌కి అరగంట పడుతుంది. మిగతా పనులు పోను రోజుకి గంటన్నర దొరికితే మనిషికి మూడు, ఇద్దరికి ఆరు, వారానికి 30. పాత మెయిల్స్‌కి ఫాలో-అప్‌లు కూడా ఈ టైమ్‌లోనే రాయాలి కాబట్టి కొత్తవి 20 అనుకోండి. షీట్‌ని స్కోరు ప్రకారం పైనుంచి కిందికి పేర్చి, ఇరవయ్యో లీడ్ దగ్గర ఏ స్కోరు ఉందో చూడండి. అదే మీ కటాఫ్. చాలామంది 'వందకి డెబ్బై దాటితే హాట్' అని ముందే ఒక అంకె పెట్టుకుంటారు. ఒక వారం 60 మంది దాటేస్తారు, టైమ్ చాలక అందరికీ పైపైన రాసి పంపుతారు. అది అటు పర్సనల్ మెయిలూ కాదు, ఇటు టెంప్లేటూ కాదు.

మేం కూకట్‌పల్లిలో కూర్చుని, ఫార్మా యూనిట్లకు పరికరాల కాలిబ్రేషన్, అంటే అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చేసే తనిఖీల రికార్డులు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. లీడ్స్ ఎక్కువగా జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ వైపు. మీ సరుకు వేరు కావచ్చు, లెక్క మాత్రం ఇలాగే నడుస్తుంది.

మేం రెండు స్కోర్లు వేరువేరుగా ఇస్తాం. మొదటిది ఫిట్, అంటే ఈ కంపెనీకి మన సరుకు అసలు పనికొస్తుందా అన్నది. దీనికి 5 మార్కులు: అమెరికా, యూరప్‌లకు ఎగుమతి ఉంటే 2, ఉద్యోగుల సంఖ్య మాకు సరిపడే స్థాయిలో ఉంటే 2, రికార్డులు ఇంకా కాగితం మీదో ఎక్సెల్‌లోనో నడుస్తున్నాయని తెలిస్తే 1. ఇవి నెలకోసారి మారేవి కావు. రెండోది సిగ్నల్, అంటే ఇప్పుడే ఎందుకు కొంటారు అన్నది. దీనికీ 5 మార్కులే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ ఆ కంపెనీకి ఇచ్చిన వార్నింగ్ లెటర్ ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో కనిపిస్తే 5, నాణ్యత విభాగం చూసే క్యూఏ హెడ్ కొత్తగా వస్తే 4, కాలిబ్రేషన్ లేదా వాలిడేషన్ పోస్టుకి ప్రకటన వేస్తే 3, మా వెబినార్‌కి కూర్చుంటే 2, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తే 1.

సిగ్నల్ మార్కులను కూడకండి. ఉన్నవాటిలో పెద్దది ఒక్కటే తీసుకోండి. కూడితే ఏమవుతుందో మా షీట్‌లోనే కనిపించేది. ఉద్యోగం వెతుక్కుంటూ నాలుగు పీడీఎఫ్‌లు దించుకుని, వెబినార్‌కి కూడా వచ్చిన కుర్రాడికి 6 పడుతుంది. వార్నింగ్ లెటర్ అందుకుని, మన వెబ్‌సైట్ మొహం కూడా చూడని కంపెనీకి 5 పడుతుంది. ఉత్సాహం ఉన్నవాడు వేరు, అవసరం ఉన్నవాడు వేరు.

ఇంకో సంగతి, సిగ్నల్ పాతబడుతుంది. కొత్త క్యూఏ హెడ్ వచ్చిన మొదటి నెలలో ఏం మార్చాలా అని చూస్తారు. ఆరు నెలలకి పాత పద్ధతికే అలవాటు పడిపోతారు. అందుకని ప్రతి 30 రోజులకి సిగ్నల్ మార్కు సగం అయ్యేలా ఫార్ములా పెట్టాం. D కాలమ్‌లో ఫిట్, E లో సిగ్నల్, F లో 'రాయడానికి దొరికిన విషయం', G లో సిగ్నల్ తేదీ ఉంటాయి:

```
=IF(F2="","T",IF(D2+E2*0.5^((TODAY()-G2)/30)>=6,"P","T"))
```

P వస్తే విడిగా రాయాలి, T వస్తే టెంప్లేట్. 6 అన్నది మా కటాఫ్, మీది మీ ఇరవయ్యో లీడ్‌ని బట్టి ఉంటుంది.

రెండు లీడ్స్ చూద్దాం. మొదటిది పాశమైలారంలో మధ్యరకం యూనిట్. ఫిట్ 4. క్యూఏ హెడ్ మారి 20 రోజులైంది కాబట్టి సిగ్నల్ 4 కాస్తా దాదాపు 2.5 అయింది. మొత్తం 6.5, కటాఫ్ దాటింది. రెండోది జీనోమ్ వ్యాలీలో అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ. ఫిట్ 5కి 5. కానీ సిగ్నల్ అంటూ ఉన్నది మూడు రోజుల కిందట ఎవరో దించుకున్న ఒక పీడీఎఫ్ మాత్రమే. అది 0.93, మొత్తం 5.93. ఇక్కడే గొడవ మొదలవుతుంది. 'అంత పెద్ద కంపెనీకి టెంప్లేట్ పంపుతామా సార్, పాయింట్ నాట్ సెవెన్ కోసం?' అని మా టీమ్‌లో కుర్రాడు అడుగుతూనే ఉంటాడు. పంపుదాం అనే చెప్తాను. విడిగా రాయాలంటే ఏం రాస్తావు అని ఎదురడిగితే, వాళ్ళ వెబ్‌సైట్‌లోని 'మా గురించి' పేజీ తప్ప అతని చేతిలో ఏమీ ఉండదు.

నా దృష్టిలో ఈ మొత్తం లెక్కలో విలువైనది ఆ F కాలమే. అందులో అవును, కాదు అని పెట్టనివ్వను. మెయిల్‌లో వాడబోయే వాక్యాన్నే టైప్ చేయాలి. ఫిట్, తగ్గిన సిగ్నల్ కలిపి 6 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్ళకే ఈ వెతుకులాట చేస్తాం. ఎనిమిది నిమిషాల్లో ఏమీ దొరకకపోతే ఖాళీగా వదిలేస్తే ఫార్ములా దాన్ని టెంప్లేట్‌లో పడేస్తుంది. వాక్యం పనికొస్తుందా లేదా అని చూడటానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని తీసేసి మిగతా మెయిల్ చదవండి. ఏమీ తేడా రాకపోతే అది పనికిరాదు. 'మీ కంపెనీ ఎదుగుదల చూసి ముచ్చటేసింది' అన్నది తీసేసినా మెయిల్ చెక్కుచెదరదు. పాశమైలారం లీడ్‌కి మావాడు రాసిన వాక్యం ఇది: 'కొత్త బ్లాక్ కోసం కాలిబ్రేషన్ ఎగ్జిక్యూటివ్‌ని తీసుకుంటున్నట్టు చూశాం. రెండు బ్లాకుల డ్యూ డేట్లూ ఒకే ఎక్సెల్‌లో పెడితే, ఒక బ్లాక్‌లోంచి ఇంకో బ్లాక్‌కి మార్చిన తూకపు బ్యాలెన్స్‌ల దగ్గర చిక్కొస్తుంది.' ఇది తీసేస్తే కింద మేం చూపించబోయే డెమోకే అర్థం ఉండదు, ఎందుకంటే ఆ డెమో సరిగ్గా ఆ పరికరాల మార్పిడి మీదే. ఇలాంటివాటికే అరగంట పెట్టాలి.

వార్నింగ్ లెటర్ ఉన్న కంపెనీకి 5 మార్కులు ఇచ్చాం కదా అని ఆ ఉత్తరం సంగతి మెయిల్‌లో ఎత్తకండి. అది అందరికీ కనిపించే పత్రమే అయినా, ముక్కూమొహం తెలియనివాడు పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది. క్యూఏ హెడ్ ఆ మెయిల్‌ని పైవాళ్ళకు ఫార్వర్డ్ కూడా చేయలేరు. ఉత్తరంలో ఏ లోపం గురించి రాశారో చదివి, ఆ పని గురించి మాట్లాడండి, ఉత్తరం గురించి కాదు. ఉత్తరంలో ఉన్నది నీటి వ్యవస్థ గురించో, శుభ్రత గురించో అయితే మా సాఫ్ట్‌వేర్‌తో దానికి సంబంధం లేదు, మార్కు 5 నుంచి 1కి దించేస్తాం.

అందరికీ ఒకేలా వర్తించేది సిగ్నల్ కాదు. మందుల తయారీ నాణ్యతకి మన దేశంలో ఉన్న నిబంధనలు, అంటే షెడ్యూల్ ఎం, సవరించి వచ్చాక ప్రతి సేల్స్ మెయిల్ దానితోనే మొదలైంది. గడువు పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకున్న చిన్న, మధ్యతరహా యూనిట్లకు 2025 డిసెంబరు 31 దాకా టైమ్ ఇచ్చారు. ఇది ప్రతి యూనిట్‌కీ తెలుసు, ప్రతి అమ్మకందారూ రాస్తాడు. కాబట్టి ఇలాంటి విషయం టెంప్లేట్‌లో ఉండాల్సింది. టెంప్లేట్ అంటే 'డియర్ సర్' తర్వాత బ్రోషర్ అతికించడం కాదు. మాకు మూడు ఉన్నాయి: బల్క్ డ్రగ్ యూనిట్లకు ఒకటి, మాత్రలూ ఇంజెక్షన్లూ చేసేవాళ్ళకు ఒకటి, టెస్టింగ్ ల్యాబ్‌లకు ఒకటి. ఐదారు వాక్యాలు, చివర ఒకే ప్రశ్న. ఏ రకం కంపెనీయో సరిగ్గా గుర్తిస్తే చాలు, పేరు, ఊరు లాంటివి మధ్యలో ఇరికించక్కర్లేదు.

మెయిల్ ఓపెన్ చేశారా లేదా అన్నదానికి మాత్రం మార్కులు ఇవ్వకండి. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ళకు, మనిషి చదవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి, మన టూల్ దాన్ని ఓపెన్‌గా లెక్కేస్తుంది. క్లిక్‌లు కూడా నమ్మలేం. పెద్ద కంపెనీల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లింకులన్నీ తనే తెరిచి చూస్తుంది. పంపిన కొన్ని సెకన్లలోనే అన్‌సబ్‌స్క్రైబ్‌తో సహా అన్ని లింకులూ నొక్కినట్టు కనిపిస్తే అది మనిషి కాదు. మెయిల్‌కి స్పందనగా రిప్లై, ఫోన్, మీటింగ్, వెబినార్‌లో అడిగిన ప్రశ్న, వీటినే లెక్కలోకి తీసుకోండి.

ఈ స్కోరు పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఒక పని చేయాలి, దీనికి టీమ్ ఒప్పుకోవడం కష్టం. వారంలో P వచ్చిన 20 మందిలో నలుగురిని చీటీలు వేసి తీసి టెంప్లేటే పంపండి. T వచ్చినవాళ్ళలోంచి కూడా చీటీలతోనే నలుగురిని తీసి, దొరికినంత వెతికి విడిగా రాయండి. ఏ వారానికి ఆ వారం చూస్తే ఏమీ తేలదు, రెండు రిప్లైలకి, మూడు రిప్లైలకి తేడా లేదు. ఒక క్వార్టర్ పోగేసి చూడండి. P వాళ్ళలో టెంప్లేట్‌కి కూడా దాదాపు అంతే రిప్లైలు వస్తుంటే మీ సిగ్నల్ మంచిదే, కానీ అరగంటలు దండగవుతున్నాయి. అప్పుడు సిగ్నల్ 5 ఉన్నవాళ్ళకి మాత్రమే విడిగా రాయండి. T వాళ్ళకి విడిగా రాసినప్పుడు బాగా రిప్లైలు వస్తుంటే మార్కులు ఇచ్చిన పద్ధతిలోనే తేడా ఉంది. ఆ రిప్లైలు ఇచ్చినవాళ్ళ వరసలు తెరిచి, వాళ్ళందరిలో ఉండి మన పట్టికలో లేనిది ఏమిటో వెతకండి. మాకు అలా దొరికిందే 'కాలిబ్రేషన్ పోస్టు ప్రకటన' అన్న సిగ్నల్. మొదట్లో దానికి మార్కే లేదు.