మొక్కు తీర్చలేదని అమ్మవారు అన్నయ్యను తీసుకెళ్లిందా?

మాది విజయనగరం. నాకు 29 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. కిందటేడాది శ్రావణంలో ఒక రాత్రి మా అన్నయ్య ఛాతీలో మంటగా ఉందన్నాడు. గ్యాస్ అనుకున్నాం. సోడా తాగించి పడుకోబెట్టాను. తెల్లవారుజామున వదిన కేకకి లేచాం. ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికే పోయాడన్నారు, గుండెపోటు అన్నారు. వాడికి 36 ఏళ్లు. బాబు పుట్టినప్పుడు పైడితల్లి అమ్మవారికి చీర పెడతానని, పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తానని అన్నయ్య మొక్కుకున్నాడు. తీర్చడం వాయిదా పడుతూ వచ్చింది. "మొక్కు ఎగ్గొడితే అమ్మవారు ఊరుకుంటుందా" అంది మా మేనత్త, పెద్దకర్మ రోజున అందరి ముందు. ఒక చీర కోసం మనిషిని చంపేది దేవతేనా? అప్పటినుంచి దీపం పెట్టడం మానేశాను. దేవుడి గది తలుపు చూస్తేనే ఒళ్లు మండుతుంది. కానీ రాత్రిళ్లు భయం వేస్తుంది, నేనిలా తిడుతున్నందుకు బాబుకి ఏమన్నా అవుతుందేమోనని. కిందటేడు మైల అని అమ్మవారి సిరిమాను జాతరకి వెళ్లలేదు. ఈ ఏడు రావాల్సిందేనని అమ్మ ఏడుస్తోంది. బాబుకి అయిదేళ్లు, "దేవుడు నాన్నని ఎందుకు తీసుకెళ్లాడత్తా" అని అడుగుతున్నాడు. నాకు దేవుడు లేడనిపిస్తోంది, ఉంటే క్షమించలేననిపిస్తోంది. నేనేం చెయ్యాలి?

అమ్మా, ముందుగా మీరు అడగలేక అడిగిన ప్రశ్నకు జవాబు చెప్తాను. మీ అన్నయ్య గుండెపోటు వల్ల పోయాడు. చీర పెట్టనందుకు పోలేదు. మీ మేనత్తగారు ఆ మాట ఎందుకన్నారో నేను ఊహించగలను. కారణం లేని చావు మనుషుల్ని భయపెడుతుంది. ఏదో ఒక తప్పు దొరికితే, ఆ తప్పు తాము చెయ్యలేదు కాబట్టి తమ ఇంటికి రాదని ధైర్యం తెచ్చుకుంటారు. ఆవిడ తన ధైర్యం కోసం అన్న మాట మీ మీద పడింది.

మీ ఉత్తరంలో రెండు మాటలు ఉన్నాయి. దేవుడు లేడనిపిస్తోందని ఒకటి, తిడుతున్నందుకు బాబుకి ఏమన్నా చేస్తుందేమోనని ఇంకొకటి. లేని దేవుడికి ఎవరూ భయపడరు. అందుకే మీది నమ్మకం పోవడం అని నాకు ఇప్పుడే అనిపించడం లేదు. నమ్మిన మనిషి ద్రోహం చేస్తే వచ్చే కోపంలా ఉంది. చిన్నప్పటినుంచి ఒక లెక్క మీద బతికాం. మనం దీపం పెడతాం, ఆవిడ ఇల్లు కాపాడుతుంది. మీరు మీ వంతు చేశారు, ఆవిడ చెయ్యలేదు. విరిగిపోయింది ఆ లెక్క. దేవుడు ఉన్నాడా లేడా అనేది వేరే ప్రశ్న, దాన్ని మీరు ఈ దసరాలోపు తేల్చాల్సిన పని లేదు.

దేవుడి మీద కోపం గురించి జూలీ ఎక్స్‌లైన్ అనే అమెరికా సైకాలజిస్టు చాలా ఏళ్లు పరిశోధించారు. ఆత్మీయులు పోయినప్పుడు ఈ కోపం భక్తులకీ వస్తుంది, దేవుణ్ణి నమ్మం అనేవాళ్లకీ వస్తుంది. ఆ పరిశోధనల్లో నాకు ముఖ్యం అనిపించింది ఇంకొకటి. తమ కోపాన్ని ఎవరితోనైనా చెప్పుకున్నప్పుడు "తప్పు, లెంపలేసుకో" అనిపించుకున్నవాళ్లు దాన్ని లోపల దాచుకోవడం, ఆ కోపంలోనే ఉండిపోవడం ఎక్కువగా కనబడింది. కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో నేనూ ఇదే చూస్తుంటాను. కోపం వచ్చినందుకు కాదు, ఆ కోపాన్ని ఒంటరిగా మోస్తున్నందుకు మనిషి నలిగిపోతాడు. మన భక్తిలోనే నిందాస్తుతి అని ఒక దారి ఉంది కదా. దేవుణ్ణి పట్టుకుని నిలదీస్తారు, తిడతారు, అదీ స్తుతి కిందే లెక్క. తిట్టడం మన వాళ్లకి కొత్త కాదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన చోటికి వెళ్దాం. మీరు "సోడా తాగించి పడుకోబెట్టాను" అని రాశారు. ఆ ముందు మాటలోనూ, తర్వాతి మాటలోనూ "అనుకున్నాం", "లేచాం" అని అందరూ ఉన్నారు. ఆ ఒక్క చోట మాత్రం మీరొక్కరే ఉన్నారు. అమ్మవారి మీద కోపం ఇంత వేడిగా ఉండటానికి ఒక కారణం, దాని అడుగున ఇంకో కోపం ఉండటం. దేవుణ్ణి తిట్టడం కన్నా "నేనే చంపుకున్నాను" అనుకోవడం భరించలేనిది. అందుకని మనసు ఆ కోపాన్ని దేవుడి గది వైపు తిప్పుతుంది.

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆ రాత్రి మీకు తెలిసినవి మాత్రమే రాయండి: 36 ఏళ్లవాడు, ఛాతీలో మంట అన్నాడు, ఇంతకుముందు గ్యాస్ వచ్చినప్పుడు సోడాతో తగ్గిందా, చెమటలు పట్టాయా, చెయ్యి లాగుతోందన్నాడా, మాట్లాడుతూనే పడుకున్నాడా. కుడివైపు తెల్లారాక తెలిసినవి రాయండి. కుడివైపు మాటల్లో ఒక్కటి కూడా ఆ రాత్రి మీ చేతిలో లేదు. మీరేమో పొద్దున్న తెలిసినదానితో రాత్రి చేసిన పనికి తీర్పు చెప్పుకుంటున్నారు. వెంటనే తీసుకెళ్తే బతికేవాడా అని మీరు నన్నడిగితే, బతికి ఉండేవాడు కాదని అబద్ధం చెప్పను. కొందరు బతుకుతారు. కానీ గుండెనొప్పిని గ్యాస్ అనుకోవడం డాక్టర్ల ఇళ్లలో కూడా జరుగుతుంది, ఎందుకంటే రెండూ చాలాసార్లు ఒకేలా మొదలవుతాయి. మీకు తెలిసి నిర్లక్ష్యం చెయ్యలేదు. తెలియక పొరపడ్డారు. అన్నయ్యా పొరపడ్డాడు, వదినా పొరపడింది. ఆ కాగితాన్ని వదినతో కలిసి చదవగలిగితే మరీ మంచిది. ఆవిడ కూడా రాత్రిళ్లు ఇదే లెక్క వేసుకుంటూ ఉండొచ్చు, మీకు చెప్పకుండా.

ఆ తర్వాతే అమ్మవారితో మాట్లాడండి. పూజ కాదు, ఉత్తరం. "నువ్వు" అనే రాయండి, అనాలనుకున్న ప్రతి మాటా అనండి, చీర సంగతీ అడగండి. రాశాక చింపెయ్యాలో దాచుకోవాలో మీ ఇష్టం. రాస్తుండగా "నువ్వు" అన్న చోట మెల్లగా "నేను" వస్తే ఆగకండి, అక్కడ అసలు సంగతి ఉంటుంది.

మొక్కు విషయం. అది అన్నయ్య మొక్కు, బాబు పుట్టిన సంతోషంలో మొక్కుకున్నది. దాన్ని ఇప్పుడు జరిమానా కట్టినట్టు తీర్చకండి. భయంతో తీరిస్తే మేనత్తగారి మాట నిజమని బాబు తలమీద రాసినట్టవుతుంది. తీర్చాలా, ఎప్పుడు తీర్చాలి అనేది వదిన చెప్పాలి. "ఆయన కోరిక, నేను తీరుస్తాను" అని ఆవిడ మనస్ఫూర్తిగా అనుకున్న రోజున వెళ్తారు. అది వచ్చే ఏడాది కావచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు.

బాబుకి మాత్రం ఈ వారంలోనే చెప్పండి, ఎందుకంటే "దేవుడు తీసుకెళ్లాడు" అన్న మాట ఆ వయసులో చాలా ప్రమాదం. పెద్దవాళ్లకి అది ఓదార్పు. అయిదేళ్లవాడికి దేవుడంటే రాత్రిపూట వచ్చి ఇంట్లోవాళ్లని పట్టుకుపోయే మనిషి. "నిద్రపోయాడు" అని కూడా అనొద్దు, పడుకోవడానికి భయపడతాడు. ఇలా చెప్పండి: "నాన్న గుండెకి పెద్ద జబ్బు చేసింది. మామూలు నొప్పి కాదు, చాలా పెద్దది. గుండె ఆగిపోయింది. ఆగిపోతే మనిషి చచ్చిపోతాడు, మళ్లీ రాడు. ఎవరి తప్పూ లేదు, నీ తప్పూ లేదు." వాడు విని ఆడుకోవడానికి పోతాడు, నాలుగు రోజులాగి మళ్లీ అడుగుతాడు. అర్థం కాక కాదు, ఆ వయసులో పిల్లలు చావుని అలా ముక్కలుముక్కలుగానే తెలుసుకుంటారు. అడిగిన ప్రతిసారీ అవే మాటలు చెప్పండి.

నమ్మకం తిరిగొస్తుందా అంటే, నాకు రెండు రకాల మనుషులూ తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకాయన భార్య పోయాక అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లడం మానేశారు. ప్రతి ఆదివారం వెళ్లే మనిషి. రెండేళ్లు పోయాక ఒకసారి వెళ్లారట, ఏమీ కోరుకోలేదట, ఊరికే నిలబడి వచ్చారట. ఇంకొకావిడ మళ్లీ దీపం పెట్టలేదు. బాగానే ఉన్నారు, పిల్లల్ని చూసుకుంటున్నారు, అత్తగారి పూజకి పూలు కోసిస్తారు. నేను మిమ్మల్ని ఇందులో ఏ వైపుకీ నెట్టను. మీకు తోచింది మీరు నిదానంగా చూసుకోండి.

అయితే ఒకటి గమనించాలి. ఏడాది దాటినా రోజులో ఎక్కువ భాగం అన్నయ్య ఆలోచనే ఉండటం, ఆయన పోయాడన్నది ఇంకా నమ్మలేకపోవడం, స్కూల్లో పాఠం చెప్పలేకపోవడం, నిద్ర లేకపోవడం, వాడు లేని బతుకెందుకు అనిపించడం, ఇలాంటివి దాదాపు రోజూ ఉంటే అది మామూలు దుఃఖాన్ని దాటి వైద్యం కావాల్సిన దుఃఖం. దానికి ప్రత్యేకంగా మాటల చికిత్స ఉంది, సైకియాట్రిస్టుని గానీ సైకాలజిస్టుని గానీ కలవండి. వాడి దగ్గరికి పోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వ టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

ఇక అమ్మ. ఆవిడ కొడుకుని పోగొట్టుకుంది. ఆవిడకి మిగిలిన ఆసరా అమ్మవారే. మీరు గుడికి రాకపోతే ఉన్న ఒక్క కూతురికీ ఏమన్నా అవుతుందని ఆవిడ టెన్షన్. మీ ఇద్దరి భయమూ ఒకటే, ఒకరు గుడికెళ్లి తీర్చుకోవాలనుకుంటున్నారు, ఒకరు వెళ్లకుండా. సిరిమాను ముందురోజు తొలేళ్ల వరకూ వాయిదా వెయ్యకుండా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: "అమ్మా, నిన్ను వద్దనను. నువ్వు వెళ్లు. నాకు మాత్రం అమ్మవారి మీద కోపం ఉంది, ఇప్పుడు దణ్ణం పెడితే అబద్ధం అవుతుంది." లెంపలేసుకోమంటే వాదించకండి. "అన్నయ్య గుర్తొస్తున్నాడమ్మా" అనండి. అక్కడినుంచి మాట దేవుడి మీదనుంచి వాడి మీదకి వస్తుంది. మీ ఇంట్లో 14 నెలలుగా జరగనిది బహుశా ఆ సంభాషణే.

మన ఊళ్లో చెప్పుకునే కథ మీకూ తెలుసు. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడన్న కబురు విని తట్టుకోలేక ప్రాణం విడిచిన చెల్లెలే పైడిమాంబ, మన పైడితల్లి. పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని అంటారు. అంటే మీరు తిడుతున్నది అన్న పోయిన ఒక చెల్లెల్ని. దాన్ని నమ్మమని చెప్పడం లేదు. ఆ కథలో చెల్లెలు బతకలేదు, మీరు బతకాలి, ఆ తేడా నాకు చాలా ముఖ్యం. కానీ చెల్లెలి దుఃఖం ఎంతటిదో ఈ ఊరికి తెలుసనీ, దాన్ని తప్పు పట్టలేదనీ ఆ కథ చెప్తుంది. మేనత్తగారు ఈసారి నోరు విప్పితే ఈ ఒక్క మాట ఆవిడకి గుర్తు చెయ్యండి.

సిరిమాను మంగళవారం అమ్మతో వెళ్లడానికి పిన్నినో, పక్కింటావిణ్ణో ముందే మాట్లాడి పెట్టండి. ఆ తోపులాటలో ఆవిడ ఒంటరిగా ఉండకూడదు. మీరు ఇంట్లో వదిన దగ్గర ఉండండి. అమ్మ తిరిగొచ్చాక కాళ్లకి నీళ్లివ్వండి, సిరిమాను ఎలా కదిలిందో అడిగి చెప్పించుకోండి. ప్రసాదం చేతిలో పెడితే, తినాలనిపిస్తే తినండి. లేదంటే బాబుకి పెట్టమనండి.