పాత సిమ్ ఆగిపోయాక అమ్మ బ్యాంకు ఖాతాకు కొత్త నంబరు పెట్టించడం ఎలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర. అమ్మ ఖాతాకు ఇచ్చిన పాత సిమ్ రీచార్జి చేయక ఎప్పుడో ఆగిపోయింది. ఆధార్‌లో కొత్త నంబరు పెట్టించాం, అయినా బ్యాంకు మెసేజీలు, ఓటీపీలు రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆధార్‌లో నంబరు మారినంత మాత్రాన బ్యాంకులో మారదు. అవి రెండు వేర్వేరు రికార్డులు కాబట్టి బ్యాంకుకు విడిగా దరఖాస్తు ఇవ్వవలసిందే. ఏటీఎంలోనో నెట్ బ్యాంకింగ్‌లోనో మార్చుకునే పద్ధతులు సాధారణంగా పాత నంబరుకు కూడా ఓటీపీ పంపుతాయి. ఆ సిమ్ లేనప్పుడు అమ్మగారిని వెంటబెట్టుకుని శాఖకు వెళ్లడమే సరైన దారి. పాస్ పుస్తకం, ఆధార్ అసలు కార్డు, దాని నకలు, కొత్త సిమ్ ఉన్న ఫోను తీసుకువెళ్లండి. కొడుకు ఉత్తరం తెచ్చినా ఖాతాదారు లేకుండా నంబరు మార్చడానికి సాధారణంగా ఒప్పుకోరు. అది మంచిదే, ఎందుకంటే ఖాతా తాళం చేతులు మారేది అక్కడే.

ఈ పనిని వాయిదా వేయకండి. మన దేశంలో రద్దయిన మొబైల్ నంబరును 90 రోజుల తరువాత మరొకరికి కేటాయించవచ్చు. అమ్మగారి పాత నంబరు ఇప్పటికే ఎవరి చేతిలోనైనా ఉండవచ్చు. అలా ఉంటే ఆమె ఖాతాలో డబ్బు పడినా, తీసినా ఆ మెసేజీ వారికి చేరుతుంది. వారికి ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకునే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

ఇక అసలు జాగ్రత్త పడవలసిన విషయానికి వస్తాను. నంబరు నమోదయ్యేది ఖాతా నంబరు మీద కాదు, కస్టమర్ ఐడీ మీద. కొన్ని బ్యాంకుల్లో దానినే సీఐఎఫ్ అంటారు. ఒక మనిషికి ఒకే ఐడీ ఉండాలి, కానీ వేర్వేరు కాలాల్లో వేర్వేరు శాఖల్లో ఖాతాలు తెరిచినవారికి, బ్యాంకుల విలీనానికి ముందు రెండింటిలోనూ ఖాతాలున్నవారికి రెండు ఐడీలు మిగిలిపోవడం కద్దు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది గనుక మన గోదావరి జిల్లాల్లో ఈ సంగతి చూసుకోవలసిన కుటుంబాలు చాలానే ఉంటాయి.

పాలకొల్లులో ఉండే మా మేనత్తగారికి ఇదే జరిగింది. ఆమె పొదుపు ఖాతా ఒక శాఖలో ఉంది, బంగారం మీద తీసుకున్న రుణం అదే బ్యాంకు మరో శాఖలో ఉంది. మొదటి శాఖలో నంబరు మార్చారు, మర్నాటి నుంచి పొదుపు ఖాతా మెసేజీలు చక్కగా వచ్చాయి, అందరం పని అయిపోయిందనుకున్నాం. రుణం గడువు దగ్గరపడుతున్నా ఒక్క మెసేజీ రాకపోవడంతో అనుమానం వచ్చి పాస్ పుస్తకం మొదటి పేజీనీ, రుణం తాలూకు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పేరు ఒకటే, ఇంటిపేరు మాత్రం ఒకదానిలో పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంతో ఉంది. కస్టమర్ ఐడీలు రెండూ వేరు. గడువు దాటితే వచ్చే వేలం హెచ్చరిక కూడా ఆ పాత నంబరుకే పోయేది. రెండో శాఖలో మరో దరఖాస్తు ఇచ్చి, అందులోనే రెండు ఐడీలనూ ఒకటిగా కలపమని రాయించాం. పేరులో తేడా ఉన్నందున ఆధార్, పాన్ నకళ్లు అడిగారు, అవి ఇచ్చాక కలిపారు.

కాబట్టి మీరు దరఖాస్తులో ఖాతా నంబరుతో పాటు కస్టమర్ ఐడీని కూడా రాయండి, "ఈ పేరు మీద మరో ఐడీ ఏదైనా ఉందా?" అని కౌంటరులో అడగండి, దరఖాస్తు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. బ్యాంకులో ఒకరు వివరాలు నమోదు చేస్తే మరొకరు ఆమోదించాలి. ఆ ఆమోదం ఆగిపోతే మార్పు జరగదు.

మార్పు పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక మార్గం ఉంది. చాలా బ్యాంకులకు నిల్వ తెలిపే మిస్డ్ కాల్ సేవ ఉంటుంది. పాస్ పుస్తకం మీద గానీ బ్యాంకు సొంత వెబ్‌సైటులో గానీ ఉన్న నంబరుకు కొత్త ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇవ్వండి. నిల్వ వస్తే నమోదైనట్టే, కొన్ని బ్యాంకుల్లో ఈ సేవకు ముందుగా ఒక మెసేజీ పంపి నమోదు చేసుకోవాలి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లను నమ్మకండి, వాటిలో మోసగాళ్లవి ఉంటాయి. ఓటీపీని మాత్రం విడిగా పరీక్షించాలి: డెబిట్ కార్డుతో కొత్త నంబరుకు చిన్న రీచార్జి చేసి, ఓటీపీ ఏ ఫోనుకు వచ్చిందో చూడండి. మెసేజీలు వస్తూ ఓటీపీ రాకపోతే కార్డు వివరాల్లో పాత నంబరే మిగిలి ఉండవచ్చునని శాఖలో చెప్పండి.

యూపీఐ వాడేవారైతే కొత్త సిమ్ ఉన్న ఫోనులో మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. డెబిట్ కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతోనూ యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. దానికి బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఒకే నంబరు ఉండాలి. మీరు ఆధార్‌లో ముందే కొత్త నంబరు పెట్టించారు కనుక బ్యాంకులో కూడా అదే నంబరు ఇవ్వండి, ఇంట్లో మరొకరి నంబరు ఇవ్వకండి.