సీళ్లు, సంతకాలు, చదవలేని అక్షరాలు: అనువాదంలో ఎలా చూపాలి?

ప్రశ్న: మా నాన్నగారి జనన ధ్రువపత్రం స్కాన్ కాపీని అనువాదం చేయించాను. సీళ్లు, సంతకాలు వదిలేశారు. చేతిరాతలో సరిగా కనపడని ఇంటిపేరును పాస్‌పోర్టు చూసి నింపారు. దీన్ని ఇలాగే దాఖలు చేయవచ్చా?

జవాబు: చేయకండి. దాన్ని చూసే అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని పోల్చుతారు. మూలంలో సీలు ఉండి అనువాదంలో ఆ ఊసే లేకపోతే, మిగతాది కూడా పూర్తిగా అనువదించారా అన్న అనుమానం వస్తుంది.

సీలు ఉన్న చోటే చదరపు బ్రాకెట్లలో దాని సంగతి రాయించండి. ఉదాహరణకు: [గుండ్రటి సీలు, పై భాగం స్కాన్‌లో తెగిపోయింది, చదవగలిగినది: "…రిజిస్ట్రారు కార్యాలయం"]. సంతకానికి [సంతకం] అంటే చాలు. కింద పేరు, హోదా అచ్చులో ఉంటే అవి మామూలుగా అనువదించాల్సిన మాటలే. సంతకం మీద సీలు పడితే ఆ మాట కూడా రాయాలి. కాగితం మీద నొక్కి వేసే రంగు లేని ముద్ర తరచూ స్కాన్‌లో కనపడదు. అసలు పత్రం చూడకుండా అనువాదకుడు అది ఉందని రాయకూడదు. కొందరు సీలు బొమ్మను కత్తిరించి అనువాదంలో అతికిస్తారు. అది అస్సలు వద్దు. అనువాదాన్నే అసలు పత్రంగా చూపబోయారన్న ఆరోపణకు తావిస్తుంది.

ఇక ఇంటిపేరు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. పాస్‌పోర్టులో ఉన్నది నిజమే కావచ్చు, కానీ ఈ పత్రంలో ఏముందో చెప్పడమే అనువాదకుడి పని. అక్కడ [చేతిరాత, చదవడానికి వీలుకాలేదు] అని ఉండాలి. కొన్ని అక్షరాలు తెలిస్తే వాటిని రాసి, మిగతాచోట ఆ గుర్తు పెట్టాలి. తేదీలకూ ఇంతే. 12-0?-1958లో నెల అంకె 1లాగా, 7లాగా కూడా కనపడితే [1 లేదా 7] అని రాయాలి. అదే తేదీ పత్రంలో మరోచోట అక్షరాల్లో "జూలై" అని స్పష్టంగా ఉంటే దాన్ని అక్కడ అనువదిస్తారు, అంకె దగ్గర గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. రెండూ చూసి నిర్ణయించుకోవడం అధికారి వంతు.

అనువాదకుడి ధ్రువీకరణలో "స్కాన్ కాపీ ఆధారంగా" అన్న మాట ఉండేలా చూడండి. ఆయన పూచీ అనువాదానికే, పత్రం అసలైనదని కాదు.

చదవలేని చోటు పేరో, పుట్టిన తేదీయో అయితే గుర్తు పెట్టినంత మాత్రాన పని జరగకపోవచ్చు. ముందు ఇంకా స్పష్టంగా స్కాన్ చేయించి చూడండి. అప్పటికీ తేలకపోతే జారీ చేసిన కార్యాలయం నుంచి కొత్త ధ్రువీకృత నకలు తీసుకోండి. పాత అనువాదం మీద మీరు పెన్నుతో దిద్దవద్దు. అనువాదకుడి చేత మళ్లీ చేయించి, కొత్త తేదీతో సంతకం పెట్టించుకోండి.